మొదటి వెబ్‌సైట్ ఎందుకు లేటవుతుంది: వారాల లెక్క, సమస్యలు, పరిష్కారాలు

2025 ఆగస్టు 4, సోమవారం. మంగళగిరిలో చేనేత చీరల కొట్టు నడిపే ఒక అక్క ఫోన్ చేసింది. "తమ్ముడూ, దసరాకి మన చీరలు ఆన్‌లైన్‌లో పెట్టాలి. రెండు వారాల్లో అయిపోతుందిగా?" అంది. విజయదశమి అక్టోబర్ 2న. అంటే చేతిలో ఎనిమిది వారాలు. మొత్తం 40 చీరలు, ఆన్‌లైన్ పేమెంట్, ఊళ్లకు కొరియర్. ఇలాంటి సైట్‌కి నేను వేసుకునే లెక్క తొమ్మిది వారాలు. ఏం అమ్మాలో తేల్చుకుని కాగితాలు సిద్ధం చేయడానికి ఒక వారం, ఫొటోలకూ వివరాలకూ నాలుగైదు వారాలు, సైట్ కట్టడానికి మూడు వారాలు, పరీక్షించడానికి ఒక వారం. విడివిడిగా కూడితే పది దాకా వస్తుంది కానీ ఫొటోలు సగమయ్యేసరికి సైట్ పని మొదలుపెట్టొచ్చు కాబట్టి తొమ్మిదిలో సరిపోతుంది.

ఆ లెక్కన సైట్ తెరుచుకునేది అక్టోబర్ 6న, అంటే పండగ అయిపోయాక. ఎక్కడ ఆలస్యమవుతుందో, దాన్ని ఎలా సరిచేయాలో ఈ కొట్టు విషయంలోనే చెబుతాను.

సమస్య 1: డిజైన్ రెడీ, కానీ సైట్ ఖాళీగానే ఉంది

మొదటిసారి సైట్ పెట్టేవాళ్లలో ఎక్కువమంది ఇక్కడే ఆగిపోతారు. "ఫొటోలు రేపు పంపిస్తాం" అని మూడు వారాలుగా వింటున్నామంటే సమస్య ఇదే.

కారణం ఏమిటంటే, ఒక్కో చీర వెనక ఎంత పని ఉంటుందో ముందు ఎవరూ లెక్కేయరు. చీర ఒక్కటికి నాలుగు ఫొటోలు కావాలి: మొత్తం చీర, అంచు, కొంగు, నేత దగ్గరగా. 40 చీరలకు 160 ఫొటోలు. ప్రతి చీరా ఇస్త్రీ చేయాలి, తీగ మీద మడత పడకుండా వేయాలి. మిట్టమధ్యాహ్నం ఎండలో తీస్తే రంగు వెలిసినట్టు కనిపిస్తుంది, ట్యూబ్‌లైట్ కింద తీస్తే ఆకుపచ్చ నీలంలా పడుతుంది. అక్క వాళ్లింటి వరండాలో పొద్దున ఎనిమిది నుంచి పది దాకా మాత్రమే వెలుతురు సరిగ్గా ఉండేది. ఫొటో తీశాక ఫోన్ పక్కన అసలు చీర పెట్టి రంగు సరిచూసుకోవాలి. రంగు తేడా వస్తే కొన్నవాళ్లు తిప్పి పంపుతారు, ఆ కొరియర్ ఖర్చు కొట్టు మీదే పడుతుంది.

ఆ తర్వాత వివరాలు. పొడవు ఎంత, జాకెట్ ముక్క ఉందా, నూలు 80 కౌంటా 100 కౌంటా, అంచు నిజాం అంచా జరీ అంచా, ఎలా ఉతకాలి, ధర ఎంత. కౌంటర్ దగ్గర ఇవన్నీ నోటితో గడగడా చెప్పే మనిషికి కూడా రాయడానికి కూర్చుంటే చీరకు పావుగంట పడుతుంది. అదీ బేరాల మధ్య.

పరిష్కారం: మొదటి వారం చివర పూర్తిగా సిద్ధమైన చీరలు ఎన్నో లెక్కపెట్టండి. ఫొటోలు, వివరాలు, ధర అన్నీ ఉంటేనే ఆ చీరను లెక్కలోకి తీసుకోవాలి. అక్కకు మొదటి వారంలో 9 అయ్యాయి. ఆ వేగంతో 40కి నాలుగున్నర వారాలు. పని గంటలు పెంచే వీల్లేదు, కొట్టు మూయలేదు కదా. అందుకే సరుకు తగ్గించాం: ముందు 20 చీరలతో తెరుద్దాం, మిగతావి తర్వాత వారానికి కొన్ని చొప్పున ఎక్కిద్దాం అనుకున్నాం. ఆమెకు మొదట మనసొప్పలేదు. కానీ 20 చీరల పని మూడో వారంలో ముగిసింది, మొత్తం లెక్క తొమ్మిది నుంచి ఏడు వారాలకు దిగింది. తేదీ దగ్గరపడుతుంటే తగ్గించాల్సింది సరుకునే, పరీక్షించే వారాన్ని మాత్రం ముట్టుకోవద్దు.

సమస్య 2: అంతా అయింది, పేమెంట్ మాత్రం "పరిశీలనలో ఉంది"

పేమెంట్ గేట్‌వే వాళ్లు ఒప్పుకునే ముందు రెండు చూస్తారు. ఒకటి మీ కాగితాలు, రెండు మీ సైట్. సైట్‌లో చిరునామా, ఫోన్ నంబర్, నిబంధనలు, ప్రైవసీ, డబ్బు వాపసు, డెలివరీ గురించి పేజీలు ఉండాలి. "త్వరలో వస్తుంది" అన్న ఒక్క పేజీయే కనిపిస్తే దరఖాస్తు తిరిగొస్తుంది. చాలామంది సైట్ పూర్తయ్యాకే అప్లై చేస్తారు కాబట్టి చివర్లో ఇరుక్కుంటారు.

మాకు వచ్చిన చిక్కు వేరు. కొట్టు కాగితాలన్నీ అక్క అత్తగారి పేరు మీద, దరఖాస్తులో ఇచ్చిన బ్యాంకు ఖాతా అక్క పేరు మీద. పేర్లు కలవలేదని వెనక్కి పంపారు. అత్తగారి ఖాతా వివరాలు, క్యాన్సిల్ చేసిన చెక్కు తెచ్చి మళ్లీ పెట్టేసరికి 12 రోజులు పోయాయి. అయితే మేం రెండో వారంలోనే ఆ ఐదారు పేజీలు సాదాగా పెట్టి అప్లై చేశాం కాబట్టి ఆ 12 రోజులు ఫొటోల పనిలో కలిసిపోయాయి. అదే ఆరో వారంలో చేసి ఉంటే నవరాత్రులు సగం అయిపోయేవి. అప్లై చేసే ముందు పాన్ కార్డు, బ్యాంకు ఖాతా, కొట్టు రిజిస్ట్రేషన్ పక్కపక్కన పెట్టి పేరు అక్షరం అక్షరం చూసుకోండి.

సమస్య 3: మార్పులు ఎంతకీ తెగవు

ఇంట్లో ఒక్కొక్కరు ఒక్కో రోజు చూసి ఒక్కో మాట చెబుతుంటే మూడు వారాల పని ఆరు వారాలవుతుంది. మాట ఒక్కరిదే ఉండాలి. మార్పులు రెండు విడతలే. ప్రతి విడతకూ అందరి మాటలూ ఒకే కాగితం మీద రాసి ఇవ్వాలి. అక్క ఆ బాధ్యత తనే తీసుకుంది.

సమస్య 4: సైట్ తెరిచిన రోజు నుంచి మెయిల్స్ రావడం లేదు

కొట్టుకు డొమైన్ ముందే ఉంటే, దాని మీద మెయిల్ నడుస్తుంటే ఇది జరుగుతుంది. కొత్త హోస్టింగ్ వాళ్లు చెప్పారని, డొమైన్ రికార్డులన్నీ ఉండే నేమ్‌సర్వర్లనే మొత్తం మారుస్తారు. పాత చోట ఉన్న మెయిల్ రికార్డులు కొత్త చోటికి వాటంతట అవి రావు. మార్చే ముందు, మార్చిన తర్వాత ఈ రెండు కమాండ్లూ టెర్మినల్‌లో నడిపి చూడండి, example.com బదులు మీ డొమైన్ పేరు పెట్టి:

```
dig +short example.com A
dig +short example.com MX
```

మొదటిది సైట్ ఎక్కడుందో చెబుతుంది, రెండోది మెయిల్ ఎక్కడికి పోతుందో. తర్వాత రెండో దానికి జవాబు ఖాళీగా వస్తే మెయిల్ పోయినట్టే. నేను నేమ్‌సర్వర్ల జోలికి పోకుండా సైట్ ఎక్కడుందో చెప్పే A రికార్డు ఒక్కటే మారుస్తాను. పాత జవాబును మిగతా కంప్యూటర్లు ఎన్ని సెకన్లు గుర్తుంచుకోవాలో చెప్పే దాని TTL విలువను రెండు రోజుల ముందే 300కి తగ్గిస్తాను. అప్పుడు ఏదైనా తప్పు జరిగినా నిమిషాల్లో వెనక్కి తిప్పొచ్చు. ఈ పని శుక్రవారం సాయంత్రం పెట్టుకోకండి, శనివారం సాయం అడగడానికి ఎవరూ దొరకరు.

సమస్య 5: పది రోజులైనా గూగుల్‌లో పేరే లేదు

వర్డ్‌ప్రెస్ సైట్ అయితే ముందు Settings లోని Reading కి వెళ్లి "Discourage search engines from indexing this site" పక్కన టిక్ ఉందేమో చూడండి. కట్టేటప్పుడు పెట్టి తీయడం మరిచిపోతుంటారు. టిక్ తీసేసి, గూగుల్ సెర్చ్ కన్సోల్‌లో సైట్‌మ్యాప్, అంటే మీ పేజీల జాబితా ఇవ్వండి. టిక్ లేకపోయినా కొత్త సైట్ గూగుల్‌లో కనిపించడానికి కొన్ని రోజుల నుంచి కొన్ని వారాల దాకా పట్టొచ్చు. కాబట్టి పండగ అమ్మకాలకు గూగుల్‌ని నమ్ముకోలేం.

అక్క సైట్ సెప్టెంబర్ 22న, నవరాత్రులు మొదలైన రోజు, 20 చీరలతో తెరుచుకుంది. ఆ పొద్దున్నే ఆమె లింక్‌ని వాట్సాప్ స్టేటస్‌లో పెట్టి, పాత కస్టమర్లకు విడివిడిగా పంపింది. మొదటి ఆర్డర్ మధ్యాహ్నానికి వచ్చింది, ఏటా సంక్రాంతికి కొట్టుకొచ్చి చీర కొనుక్కుని వెళ్లే ఒక టీచరమ్మ నుంచి.