హైకోర్టుకు వెళ్లాలా, అప్పీలుకా? (రిట్ పాఠాలు – 5)

పోయిన పాఠంలో 226 అధికరణ కింద హైకోర్టుకు ఉన్న అధికారం ఎంత పెద్దదో చూశాం. అంత అధికారం ఉన్నా జడ్జిగారు మొదట అడిగేది మాత్రం ఒకటే: "చట్టంలో అప్పీలు ఉంది కదా, అక్కడికి ఎందుకు పోలేదు?" ఈసారి ఆ ప్రశ్నకు జవాబు తయారు చేసుకుందాం.

పాఠం కోసం ఒక కేసు ఊహించుకోండి. మిర్యాలగూడలో హార్డ్‌వేర్ షాపు. సరుకు కొన్నప్పుడు కట్టిన జీఎస్టీని యజమాని క్రెడిట్‌గా వాడుకున్నాడు. ఆ బిల్లులు సరిపోలడం లేదని అధికారి నోటీసు పంపాడు. యజమాని బిల్లులు జతచేసి జవాబిచ్చాడు. అయినా 4,80,000 రూపాయల పన్ను, దాని మీద వడ్డీ, పెనాల్టీ కట్టమని 2025 జనవరి 17న డీఆర్‌సీ-07 ఆర్డరు వచ్చింది. యజమాని వకీలు దగ్గర కూర్చుని, "బిల్లులన్నీ ఉన్నాయి సార్, ఒక్కటి కూడా చూడలేదు. సీదా హైకోర్టుకే పోదాం" అన్నాడు.

ఇక్కడ తొందరపడకుండా ఆర్డరునూ, అంతకుముందు వచ్చిన నోటీసునూ పక్కపక్కన పెట్టి చదవాలి. చదివేటప్పుడు అడగాల్సింది ఒకటే: తప్పు నిర్ణయంలో ఉందా, నిర్ణయం తీసుకున్న పద్ధతిలో ఉందా?

"బిల్లులు సరైనవే" అనేది నిర్ణయం మీద గొడవ. బిల్లు అసలుదా, సరుకు నిజంగా వచ్చిందా, డబ్బు బ్యాంకు ద్వారా పోయిందా అనేవి కాగితాలు తిరగేసి తేల్చాల్సిన విషయాలు. హైకోర్టు రిట్‌లో ఆ పని సాధారణంగా పెట్టుకోదు. దానికి అప్పీలు అధికారి ఉన్నాడు.

ఇప్పుడు నోటీసు చూడండి. అందులో వ్యక్తిగత విచారణ తేదీ, సమయం, స్థలం అని గడులు ఉంటాయి. మన కేసులో మూడింట్లోనూ NA అని ఉంది. జీఎస్టీ చట్టం 75(4) సెక్షన్ ప్రకారం, పన్ను కట్టాల్సినవాడు రాసి అడిగినా, లేదా అతనికి వ్యతిరేకంగా ఆర్డరు వేయబోతున్నా విచారణకు అవకాశం ఇవ్వాలి. అంటే అతను అడగకపోయినా ఇవ్వాల్సిందే. ఈ తప్పు పద్ధతిలో ఉంది. సహజ న్యాయం పాటించలేదు అనేది ఇలాంటిదాన్నే.

అప్పీలు ఉన్నా హైకోర్టు రిట్ తీసుకోగల సందర్భాలు కొన్ని ఉన్నాయి. వర్ల్‌పూల్ కేసులో (1998) సుప్రీంకోర్టు ఈ మినహాయింపులను ఒకచోట చేర్చి చెప్పింది. సహజ న్యాయం ఉల్లంఘన అందులో ఒకటి. ప్రాథమిక హక్కు అమలు కోసం వచ్చినా, అధికారికి ఆ విషయంలో అధికారమే లేకపోయినా, ఆ చట్టమే చెల్లదని సవాలు చేసినా అప్పీలు అడ్డం రాదు. ఎక్కువమంది జారిపడేది "అధికారం లేదు" అనే చోట. అధికారం ఉన్నవాడు తప్పుగా తీర్పిస్తే అది అప్పీలు విషయమే. అధికారమే లేనివాడు ఇస్తేనే మినహాయింపు.

సరే, రిట్ వేస్తే మన షాపాయనకు ఏం దక్కుతుంది? మామూలుగా ఆర్డరు కొట్టేసి, విచారణ జరిపి మళ్లీ నిర్ణయించమని అదే అధికారికి పంపుతారు. పన్ను రద్దు కాదు. అప్పీలుకు పోతే గొడవలో ఉన్న పన్నులో 10 శాతం, అంటే 48,000 కట్టాలి. అది కడితే మిగతా వసూలు ఆగుతుంది, బిల్లుల సంగతి కూడా తేలుతుంది. బిల్లులు గట్టిగా ఉన్నవాడికి నేనైతే అప్పీలే చెబుతాను. చేతిలో 48,000 లేనివాడి లెక్క వేరు.

ఏది ఎంచుకున్నా తేదీలు ముందే రాసి పెట్టుకోండి. అప్పీలుకు గడువు ఆర్డరు అందిన రోజు నుంచి మూడు నెలలు, అంటే ఏప్రిల్ 17. సరైన కారణం చూపిస్తే ఇంకో నెల, మే 17. ఆ తర్వాత ఆలస్యాన్ని మన్నించే అధికారం అప్పీలు అధికారికి లేదు. గడువు దాటించి, "ఇక దారి లేదు" అని హైకోర్టుకు పోతే పని జరగడం కష్టం. కాకినాడ పన్ను అధికారికీ, గ్లాక్సో కంపెనీకీ మధ్య కేసులో 2020లో సుప్రీంకోర్టు అలాంటి రిట్‌ను హైకోర్టు తీసుకోకూడదంది. ఇంకో చిక్కు, ఆర్డరు పోర్టల్‌లోకి వచ్చినా చాలామంది చూడరు. `View Additional Notices/Orders` కూడా తెరిచి చూసుకోండి.

అఫిడవిట్‌లో "వేరే ప్రత్యామ్నాయ మార్గం లేదు" అనే పాత వాక్యాన్ని కాపీ కొట్టకండి. అప్పీలు ఉంది, అది అందరికీ తెలుసు. ఇలా రాయండి: "107 సెక్షన్ కింద అప్పీలు ఉంది. అయితే 75(4) ప్రకారం విచారణ ఇవ్వకుండానే ఆర్డరు వేశారు. నోటీసులో విచారణ గడులు NA అని ఉన్నాయి." నోటీసు కాపీ జతచేయండి. అప్పీలు వేసి ఉంటే ఆ మాట కూడా దాచకండి.

అభ్యాసం: అదే షాపు, అదే ఆర్డరు. కానీ నోటీసులో విచారణ తేదీ ఉంది. ఆ రోజు యజమాని చెల్లెలి పెళ్లికి దేవరకొండ పోయాడు, వాయిదా అడగలేదు. మినహాయింపు వర్తిస్తుందా? మూడు వాక్యాల్లో రాయండి. ఆరో పాఠం దీనితోనే మొదలుపెడతాం.