రైళ్ల లెక్కలు - 4వ భాగం: రెండు బండ్లు ఒకదాన్నొకటి దాటితే

గత భాగంలో ఒకే బండి కదిలింది. స్తంభాన్నో, ప్లాట్‌ఫాం మీద నిలబడ్డ మనిషినో దాటింది. ఈసారి రెండు బండ్లను కదిలిద్దాం. కి.మీ./గంటను మీ./సెకనుగా మార్చడానికి 5/18తో గుణించాలని నేర్చుకున్నాం కదా, అది ఇక్కడ అడుగడుగునా కావాలి. ఇంకా చేతికి రాకపోతే ముందు దాన్ని సాధన చేసి రండి.

లెక్కకు మన కాజీపేట-బల్లార్ష లైన్‌నే తీసుకుందాం. రామగుండం, మంచిర్యాల వైపు నుంచి బొగ్గు నింపుకున్న గూడ్సు బండ్లు కాజీపేట దిక్కు వస్తుంటాయి. ఇటు నుంచి ఎక్స్‌ప్రెస్‌లు పోతుంటాయి. బొగ్గు వ్యాగన్ ఒక్కోటి దాదాపు 10.7 మీటర్లు. 58 వ్యాగన్లు, ఇంజిన్, చివర గార్డు డబ్బా కలిపితే బండి సుమారు 650 మీటర్లు వస్తుంది. ఎక్స్‌ప్రెస్‌లో ఇప్పుడొస్తున్న కొత్త రకం బోగీ ఇంచుమించు 24 మీటర్లు. 20 బోగీలు, ఒక ఇంజిన్ కలిపి 500 మీటర్లు అనుకుందాం.

ఎక్స్‌ప్రెస్ వేగం గంటకు 90 కి.మీ., అంటే సెకనుకు 25 మీటర్లు. గూడ్సు వేగం గంటకు 54 కి.మీ., అంటే సెకనుకు 15 మీటర్లు. జమ్మికుంట దగ్గర పక్కపక్క పట్టాల మీద రెండూ ఎదురెదురుగా వస్తున్నాయి. ఒకదాన్నొకటి పూర్తిగా దాటడానికి ఎంతసేపు పడుతుంది?

సూత్రం జోలికి పోకుండా ఒక్క నిమిషం బొమ్మ గీయండి. రెండు ఇంజిన్ల ముక్కులు సరిగ్గా ఎదురుపడ్డ క్షణం దగ్గర గడియారం మొదలవుతుంది. రెండు బండ్ల తోకలు ఒకదాన్నొకటి వదిలిన క్షణం దగ్గర ఆగుతుంది. ఇప్పుడు గూడ్సు కదలడం లేదనుకుని, దాని కదలికను కూడా ఎక్స్‌ప్రెస్‌కే ఇచ్చేయండి. అప్పుడు ఎక్స్‌ప్రెస్ గూడ్సు వైపు సెకనుకు 25 + 15 = 40 మీటర్ల చొప్పున దూసుకొస్తుంది. ఇదే సాపేక్ష వేగం. ఎక్స్‌ప్రెస్ ముక్కు ముందు గూడ్సు పొడవంతా, అంటే 650 మీటర్లు పోవాలి. అక్కడికి పని అయిపోలేదు, ఎందుకంటే దాని ఒళ్లంతా ఇంకా గూడ్సు పక్కనే ఉంది. తోక కూడా బయటపడాలంటే తన సొంత పొడవు 500 మీటర్లు ఇంకా పోవాలి. మొత్తం 1150 మీటర్లు. 1150ని 40తో భాగిస్తే 28.75 సెకన్లు.

రెండు పొడవులు ఎందుకు కలుపుతామో ఈ బొమ్మలోనే ఉంది. బట్టీ పట్టిన సూత్రం పరీక్ష హాల్లో టెన్షన్‌లో మరిచిపోవచ్చు. ముక్కు ఎక్కడ మొదలైంది, తోక ఎక్కడ ముగిసింది అన్నది మాత్రం గీసుకుంటే దొరుకుతుంది.

ఇక బిట్ పేపర్‌లో ఎక్కువ మార్కులు పోగొట్టే చోటు ఇది: "ఎక్స్‌ప్రెస్ కిటికీ దగ్గర కూర్చున్న ప్రయాణికుడిని గూడ్సు బండి ఎన్ని సెకన్లలో దాటుతుంది?" చాలామంది ఇక్కడ కూడా 28.75 గుర్తిస్తారు. అది ఆప్షన్లలో తప్పకుండా ఉంటుంది కూడా. కానీ ప్రయాణికుడు ఒక మనిషి. ఆయనకు పొడవు లేదు. గూడ్సు ఇంజిన్ ఆయన కిటికీకి వచ్చినప్పుడు గడియారం మొదలు, గార్డు డబ్బా కిటికీని వదిలినప్పుడు ముగింపు. ఆయన ముందు నుంచి పోయేది 650 మీటర్లే. ఆయన కూర్చున్న బండి కదులుతోంది కాబట్టి వేగం మాత్రం 40. జవాబు 16.25 సెకన్లు. ఆయన మొదటి బోగీలో ఉన్నా, చివరి బోగీలో ఉన్నా ఇదే జవాబు. బోగీ మారితే గడియారం మొదలయ్యే క్షణం మారుతుంది తప్ప పట్టే సమయం మారదు.

ఇప్పుడు అటువైపు నుంచి చూడండి. గూడ్సు గార్డు తన డబ్బాలో నిలబడి ఎక్స్‌ప్రెస్‌ను చూస్తున్నాడు. ఆయన ముందు నుంచి పోయేది 500 మీటర్లు. 500ని 40తో భాగిస్తే 12.5 సెకన్లు. ఈ రెండు సమయాలనూ కలపండి: 16.25 + 12.5 = 28.75. ఇది యాదృచ్ఛికం కాదు. ఎక్స్‌ప్రెస్ లోకో పైలట్ ముందు నుంచి గూడ్సు మొత్తం పోయేసరికి 16.25 సెకన్లు అవుతుంది. సరిగ్గా ఆ క్షణాన ఆయన గూడ్సు గార్డు పక్కన ఉంటాడు. అక్కడి నుంచి గార్డు వంతు మొదలవుతుంది. ఆయన ముందు నుంచి ఎక్స్‌ప్రెస్ పోవడానికి ఇంకో 12.5 సెకన్లు. రెండు బండ్లు దాటుకునే సమయమంటే లోకో పైలట్ చూసిన భాగం, తర్వాత గార్డు చూసిన భాగం, అంతే. ఇది ఒకసారి మనసుకు పట్టిందంటే, ఎక్కడ రెండు పొడవులు కలపాలి, ఎక్కడ ఒకటే తీసుకోవాలి అన్న తికమక ఉండదు.

రెండూ ఒకే దిశలో పోతుంటే? మూడో లైన్ పడిన చోట గూడ్సు పక్కనే ఎక్స్‌ప్రెస్ దాటుకుపోవచ్చు. ఇప్పుడు గూడ్సు కూడా ముందుకే జరుగుతోంది కాబట్టి ఎక్స్‌ప్రెస్‌కు సెకనుకు కలిసొచ్చేది 25 - 15 = 10 మీటర్లే. గడియారం ఈసారి ఎక్స్‌ప్రెస్ ముక్కు గూడ్సు గార్డు డబ్బాను అందుకున్నప్పుడు మొదలై, ఎక్స్‌ప్రెస్ తోక గూడ్సు ఇంజిన్‌ను వదిలినప్పుడు ముగుస్తుంది. పోవాల్సిన దూరం అదే 1150 మీటర్లు, సమయం మాత్రం 115 సెకన్లు. దిశ మారితే వేగాల మధ్య గుర్తు మారుతుంది. పొడవుల మధ్య గుర్తు మారదు, అక్కడ ఎప్పుడూ కూడికే. ఒకే దిశ అనగానే పొడవులను కూడా తీసేసే వాళ్లను క్లాసులో తరచూ చూస్తాను.

అయితే మన లైన్ మీద ఎక్కువగా జరిగేది మరొకటి. వెనక ఎక్స్‌ప్రెస్ వస్తోందంటే గూడ్సును ఉప్పల్ లాంటి చిన్న స్టేషన్‌లో లూప్ లైన్‌లోకి తీసి నిలబెడతారు. ఎక్స్‌ప్రెస్ మెయిన్ లైన్ మీద ఆగకుండా పోతుంది. దీనిమీద క్లాసులో వచ్చే ప్రశ్న ఇది: "నిలబడ్డ బండికి వేగమే లేదు కదా సార్, దాని పొడవు ఎందుకు కలపాలి?" వేగం సున్నా అయినంత మాత్రాన పొడవు సున్నా కాదు. ఎక్స్‌ప్రెస్ ఆ 650 మీటర్లను దాటాల్సిందే, తర్వాత తన 500 మీటర్లూ బయటపడాల్సిందే. వేగాన్ని మాత్రం 25 - 0 = 25గా తీసుకోవాలి. 1150ని 25తో భాగిస్తే 46 సెకన్లు.

ప్లాట్‌ఫాం లెక్క కూడా ఇప్పుడు కొత్తది కాదు. ప్లాట్‌ఫాం అంటే వేగం సున్నాగా ఉన్న బండి. స్తంభం అంటే వేగమూ పొడవూ రెండూ సున్నాగా ఉన్న బండి. కిటికీ దగ్గరి ప్రయాణికుడు పొడవు సున్నాగా ఉండి, వేగం ఉన్న బండి. నాలుగు వేర్వేరు షార్ట్‌కట్లు రాసుకోవడం కంటే ఎదుట ఉన్నదానికి పొడవెంత, వేగమెంత అని రెండు ప్రశ్నలు వేసుకుంటే చాలు:

```
సమయం = (మొదటి పొడవు + రెండో పొడవు) ÷ సాపేక్ష వేగం
```

దీన్నే వెనక నుంచి నడిపించి చూద్దాం. ఒక బండి ప్లాట్‌ఫాం మీద నిలబడ్డ మనిషిని 20 సెకన్లలో, 400 మీటర్ల ప్లాట్‌ఫాంను 36 సెకన్లలో దాటింది. బండి పొడవెంత, వేగమెంత? మనిషిని దాటేటప్పుడు బండి తన పొడవు మాత్రమే పోయింది. ప్లాట్‌ఫాంకు దానికంటే 400 మీటర్లు ఎక్కువ పోయింది, 16 సెకన్లు ఎక్కువ తీసుకుంది. అంటే ఆ 16 సెకన్లు అచ్చంగా ప్లాట్‌ఫాంవే. వేగం 400 ÷ 16 = 25 మీ./సె., గంటకు 90 కి.మీ. పొడవు 25 × 20 = 500 మీటర్లు. x, y పెట్టి రెండు సమీకరణాలు రాయాల్సిన పని లేదు.

జవాబు తప్పిందో లేదో పెన్ను దించకముందే తెలుసుకోవచ్చు. మన రెండు బండ్లకే వచ్చిన సమయాలు చూడండి: ఎదురెదురుగా 28.75, గూడ్సు నిలబడి ఉంటే 46, ఒకే దిశలో 115. ఎప్పుడైనా ఈ వరుసే రావాలి. ఎదురుగా వచ్చే బండికి నిలబడ్డ బండికన్నా ఎక్కువ సమయం వచ్చిందంటే వేగాలను కలపాల్సిన చోట తీసేశారన్నమాట. జవాబు ఏ మూడు, నాలుగు సెకన్లో వచ్చిందంటే కి.మీ.లను మీటర్లుగా మార్చకుండానే భాగించి ఉంటారు. మన లెక్కనే అలా చేస్తే 1150ని 144తో భాగించి 8 సెకన్లకు దగ్గరగా వస్తుంది. కిలోమీటరుకు మించిన దూరం 8 సెకన్లలో అయిపోదు కదా.

ఒక్క హద్దు గుర్తుంచుకోండి. ఈ లెక్కంతా రెండు వేగాలూ మారకుండా ఉన్నంతవరకే. స్టేషన్‌లో ఆగబోయే బండికో, అప్పుడే కదిలిన బండికో ఇది సరిపోదు.

కాజీపేట వైపు ప్రయాణం చేసేటప్పుడు దీన్ని నేరుగా చూడవచ్చు. ఎదురుగా బొగ్గు గూడ్సు వస్తే ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టి 20 వ్యాగన్లు లెక్కపెట్టండి. అవి 214 మీటర్లు. 5.35 సెకన్లు పట్టిందంటే సాపేక్ష వేగం 40. మీ బండి 25తో పోతోందని తెలిస్తే గూడ్సు వేగం 15. వ్యాగన్ల మధ్య వచ్చే ఖాళీ సందులను లెక్కపెడితే తేలిక. తలుపు దగ్గర మాత్రం నిలబడొద్దు, కిటికీ లోపలి నుంచే చూడండి.

సాధనకు మూడు. మొదటిది: 300 మీటర్ల ప్యాసింజరు, 660 మీటర్ల గూడ్సు ఎదురెదురుగా 32 సెకన్లలో, ఒకే దిశలో 96 సెకన్లలో దాటుకున్నాయి. ప్యాసింజరే వేగంగా పోతోంది. రెండింటి వేగాలెంత? రెండోది: అవే వేగాలతో ఎదురెదురుగా వస్తే ప్యాసింజరు కిటికీ దగ్గరి మనిషిని గూడ్సు ఎంతసేపట్లో దాటుతుంది? మూడోది కొంచెం జాగ్రత్తగా చదవండి: 500 మీటర్ల బండి సెకనుకు 25 మీటర్ల వేగంతో 650 మీటర్ల ప్లాట్‌ఫాం మీదుగా ఆగకుండా పోతోంది. బండి మొత్తం ప్లాట్‌ఫాం హద్దుల లోపలే ఉన్నది ఎన్ని సెకన్లు?

మొదటిదానికి 960ని 32తో, 96తో భాగిస్తే వేగాల మొత్తం 30, తేడా 10 వస్తాయి. కాబట్టి వేగాలు 20, 10 మీ./సె., అంటే గంటకు 72, 36 కి.మీ. రెండోది 22 సెకన్లు. మూడోదానిలో గడియారం మొదలయ్యేది తోక ప్లాట్‌ఫాంలోకి వచ్చినప్పుడు, ఆగేది ముక్కు బయటికి పోయినప్పుడు. ఈ ఒక్క చోట పొడవులు కలపం, తీసేస్తాం: 650 - 500 = 150, జవాబు 6 సెకన్లు. బండి ప్లాట్‌ఫాం కన్నా పొడవైతే ఆ ప్రశ్నే పుట్టదు.

5వ భాగంలో కాజీపేట నుంచి ఒకటి, బల్లార్ష నుంచి ఒకటి వేర్వేరు సమయాలకు బయలుదేరిన బండ్లు ఎక్కడ కలుస్తాయో చూద్దాం.