పేరు చివర ‘లాల్’ ఉన్న మాత్ర మొదలుపెట్టే ముందు

ప్రొప్రనలాల్, అటెనొలాల్, మెటొప్రొలాల్, బిసొప్రొలాల్. పేరు ఇలా ముగిసే మాత్రలను బీటా బ్లాకర్లు అంటారు. బీపీకి, గుండెకి రాస్తారు. మైగ్రేన్‌కీ, చేతుల వణుకుకీ, థైరాయిడ్ ఎక్కువై గుండె దడదడలాడుతున్నప్పుడూ రాస్తారు. చిక్కు ఎక్కువగా వచ్చేది ఈ రెండో రకం చోట్లే. తలనొప్పికి మాత్ర తెచ్చుకునేవాళ్లకి అక్కడ షుగర్ సంగతో, చిన్నప్పటి ఉబ్బసం సంగతో చెప్పాలని తోచదు. మందుల కౌంటర్ వెనక ఇన్నేళ్లు నిలబడ్డాక, కొత్త చీటీలో ‘లాల్’ కనిపిస్తే నేను మాత్రలు తీసే ముందే ఆ రెండు ప్రశ్నలూ అడిగేస్తాను.

ముందు షుగర్ సంగతి. రక్తంలో గ్లూకోజ్ 70 కంటే తగ్గితే ఒంట్లో అడ్రినలిన్ ఎగజిమ్ముతుంది. గుండె దడ, చేతుల వణుకు, కంగారు అన్నీ దాని పనే. నిజానికి అవి రోగం కాదు, హెచ్చరిక గంట. బీటా బ్లాకర్ చేసేది సరిగ్గా ఆ అడ్రినలిన్‌ను గుండె దగ్గరా కండరాల దగ్గరా అడ్డుకోవడం. అంటే షుగర్ పడిపోతూనే ఉంటుంది, గంట మాత్రం మోగదు. ఇంకో దెబ్బ కూడా ఉంది. పడిన షుగర్‌ను పైకి తేవడానికి కాలేయం తన నిల్వలోంచి గ్లూకోజ్ వదలాలి. ప్రొప్రనలాల్ లాంటి మందులు ఆ పనిని కూడా నెమ్మది చేస్తాయి.

ఆ మందు ఒక్కదాన్ని మాత్రం నొక్కలేదు, చెమటను. చెమట గ్రంథుల్ని నడిపే నరాలు వాడే రసాయనం వేరు, బీటా బ్లాకర్‌కి అక్కడ పని లేదు. కొందరికి మామూలుకంటే ఎక్కువే పోస్తుంది.

ఇది ఎలా కనిపిస్తుందో ఒక ఉదాహరణతో చెబుతాను. 58 ఏళ్ల పెద్దాయన. షుగర్‌కి మెట్‌ఫార్మిన్, గ్లిమెపిరైడ్ వాడుతున్నారు. చేతుల వణుకుకి ప్రొప్రనలాల్ 40 మిల్లీగ్రాములు, రోజుకు రెండుసార్లు మొదలై పది రోజులైంది. వణుకు తగ్గిందని సంతోషం. ఆ రోజు పొద్దున మాత్రలన్నీ వేసుకున్నారు, మధ్యాహ్నం భోజనం ఆలస్యమైంది. మూడున్నరకి మెడ వెనక చొక్కా తడిసి ఒంటికి అతుక్కుంది. ఫ్యాను గాలి నేరుగా తగులుతున్నా ముచ్చెమటలు ఆగలేదు. అడిగిన మాటకి సంబంధం లేని జవాబు చెప్పారు. భార్య, “షుగర్ ఏమైనా డౌన్ అయిందేమోనండీ” అంటే, “అబ్బే, నాకు షుగర్ తగ్గితే దడ వస్తుందిగా, ఇప్పుడేం లేదే” అన్నారు. ఆవిడ నాడి పట్టి చూస్తే 62, ఎంతో ప్రశాంతంగా ఉంది. మీటర్ చూపించింది 51.

ఆ 62 నాడే వాళ్లని మోసం చేసి ఉండేది. దడ లేదు కాబట్టి షుగర్ బాగానే ఉందనే లెక్క ఈ మాత్ర మొదలైన రోజు నుంచీ చెల్లదు. దాని బదులు కొత్త లెక్క నేర్చుకోవాలి: కారణం లేని చెమట, మాట తడబాటు, అకారణంగా విసుగు, చూపు మసకబారడం. వీటిలో ఏది కనిపించినా ముందు వేలికి సూది, తర్వాతే ఆలోచన. మీటర్ చేతికి దగ్గరలో లేకపోతే పరీక్ష కోసం ఆగొద్దు, షుగర్ పడిందనే అనుకుని తీపి ఇచ్చేయండి. ఇంట్లోవాళ్లకి ఈ నాలుగు గుర్తులూ ముందే చెప్పి ఉంచాలి. తడబడుతున్న మనిషికి తను తడబడుతున్నట్టు తెలియదు.

మీటర్ 70 లోపు చూపిస్తే 15 గ్రాముల గ్లూకోజ్, అంటే సుమారు మూడు టీస్పూన్ల పొడి, నీళ్లలో కలిపి తాగాలి. 15 నిమిషాల తర్వాత మళ్లీ చూడాలి. ఇంకా 70 దాటకపోతే మళ్లీ అంతే. పైన చెప్పినట్టు కాలేయం సాయం అంతంత మాత్రమే కాబట్టి ఒక్కసారి పెరగ్గానే వదిలేయకండి. తర్వాత ఏదైనా తిని, గంటకు మరోసారి చూసుకోండి. ఆ పెద్దాయనకి రెండుసార్లు తాగితే 88 వచ్చింది. అకార్బోజ్, వోగ్లిబోజ్ వాడేవాళ్లకి చక్కెర త్వరగా పని చేయదు, గ్లూకోజే కావాలి. స్పృహ తప్పితే నోట్లో ఏమీ పోయకుండా అంబులెన్స్ పిలవాలి.

ఈ భయం షుగర్ ఉన్న అందరికీ సమానం కాదు. ఇన్సులిన్ వాడేవాళ్లూ, గ్లిమెపిరైడ్, గ్లిక్లజైడ్, గ్లిబెన్‌క్లమైడ్ వాడేవాళ్లూ గట్టిగా పట్టించుకోవాలి. మెట్‌ఫార్మిన్ ఒక్కటే వాడేవాళ్లకి షుగర్ అంత సులువుగా పడిపోదు. మొదటి కొన్ని వారాలు, మోతాదు పెంచినప్పుడూ, బండి నడిపే ముందూ, పడుకునే ముందూ, ఒళ్లు అలిసే పని చేసిన రోజూ చూసుకోవడం మంచిది. అలాగని షుగర్ ఉందని గుండె జబ్బుకి రాసిన మాత్రను మానేయడం తెలివి కాదు. గుండెపోటు తర్వాత, గుండె బలహీనపడినప్పుడూ దానివల్ల మేలే ఎక్కువ. అక్కడ డాక్టర్లు సాధారణంగా బిసొప్రొలాల్, మెటొప్రొలాల్ లాంటి, ఎక్కువగా గుండె మీదే పని చేసేవాటిని ఎంచుకుంటారు. వీటితో చిక్కు తక్కువ, బొత్తిగా లేదని కాదు.

ఉబ్బసం ఉన్నవాళ్ల సంగతి ఇంకా గట్టిది. ఊపిరి గొట్టాలను వదులుగా ఉంచేది కూడా అడ్రినలిన్ తరహా సంకేతమే. ప్రొప్రనలాల్ దాన్ని ఆపితే గొట్టాలు బిగుసుకుంటాయి. పైగా మీ జేబులో ఉన్న సాల్బుటమాల్ ఇన్‌హేలర్ పనిచేసేది ఆ తలుపు గుండానే. తలుపు మూసుకుని ఉంటే పఫ్ మీద పఫ్ కొట్టినా ఫలితం ఉండకపోవచ్చు. అందుకే ఉబ్బసం ఉన్నవాళ్లకి ప్రొప్రనలాల్ ఇవ్వకూడదనే నియమం. గుండె మీద పని చేసేవి కూడా మోతాదు పెరిగేకొద్దీ ఊపిరి గొట్టాల జోలికి వస్తాయి. తప్పనిసరై మొదలుపెట్టినా అది డాక్టర్ కళ్ల ముందు, చిన్న మోతాదుతో జరగాలి.

మాత్ర మింగాక పిల్లికూతలు, ఛాతీ బిగుతు, పడుకుంటే దగ్గు వస్తే తర్వాతి మాత్ర వేసుకోకుండా వెంటనే డాక్టర్‌తో మాట్లాడండి. ఇన్‌హేలర్‌కి లొంగని ఆయాసమైతే ఆసుపత్రికే. అక్కడ అడుగు పెట్టగానే ‘లాల్’ మాత్ర పేరు చెప్పాలి, దాన్నిబట్టి వాళ్లు ఇప్రట్రోపియం లాంటి వేరే దారిని వెళ్లే మందు కూడా కలుపుతారు. ఏళ్లుగా వాడుతున్నవాళ్లు మాత్రం వేరే కారణాలకి తమంతట తాము ఒక్కసారిగా ఆపకూడదు. అడ్రినలిన్ ఒక్కసారిగా విరుచుకుపడి గుండెనొప్పి, గుండెపోటు దాకా రావచ్చు. మోతాదును ఒకటి రెండు వారాల్లో మెల్లగా తగ్గిస్తారు.

అందరూ మర్చిపోయేది కంటి చుక్కలు. గ్లకోమాకి వాడే టిమొలాల్ కూడా ఈ కుటుంబానిదే. ఒక్క చుక్కేగా అనిపిస్తుంది. కంట్లో వేసిన చుక్క కన్నీటి దారిగుండా ముక్కులోకి జారి, అక్కడి పొరల్లోంచి నేరుగా రక్తంలో కలుస్తుంది. మింగిన మాత్రలాగా కాలేయం దాన్ని ముందు కొంత విరిచేయదు. ఉబ్బసం ఉన్నవాళ్లకి ఈ చుక్కలతోనే ప్రాణాపాయం దాకా వచ్చిన సందర్భాలు ఉన్నాయి. “ఏం మందులు వాడుతున్నారు?” అని అడిగితే జనం మాత్రలే లెక్కపెడతారు. కంటి డాక్టర్ దగ్గర ఉబ్బసం మాట, ఛాతీ డాక్టర్ దగ్గర చుక్కల మాట మీరే ఎత్తాలి. ఉబ్బసం లేకుండా టిమొలాల్ వాడేవాళ్లు కూడా చుక్క పడగానే కళ్లు మూసుకుని, ముక్కు పక్కన కంటి మూలను వేలితో రెండు నిమిషాలు నొక్కి పట్టుకుంటే ఒంట్లోకి వెళ్లే మందు బాగా తగ్గుతుంది.