సొంత పనికి ప్రణాళిక – నాలుగవ పాఠం: వేగం కొలిచి వారాలు లెక్కించడం

గత మూడు పాఠాలలో పనిని ఎంచుకోవడం, దాని హద్దులు గీయడం, వారంలో దానికోసం తొంభై నిమిషాల గడులు కేటాయించడం చూశాము. ఆ గడులు మొత్తం ఎన్ని కావాలో, అవి ఎన్ని వారాలలో పూర్తవుతాయో లెక్కించడం ఈ పాఠంలో నేర్చుకుందాం. దీనికి మనకు తోడుగా వస్తున్న ఉదాహరణ బరంపురంలో ఉంటున్న మా పిన్నిది. బడిపంతులమ్మగా పదవీ విరమణ చేసిన ఆమె, తన అత్తవారింట మూడు తరాలు సాగిన పట్టు నేత గురించి తెలుగులో ఒక పుస్తకం రాస్తోంది. ముప్పై వేల పదాలు, అంటే డెమ్మీ సైజులో సుమారు నూట ముప్పై పుటలు కావాలని ఆమె అనుకుంది.

మొదటి రోజున ఆమె వేసిన లెక్క చాలా తేలిక. ఆమె రాసుకునే గీతల నోటుపుస్తకంలో పుటకు ఇరవై నాలుగు వరుసలు, వరుసకు ఏడు పదాల చొప్పున నూట అరవై ఎనిమిది పదాలు పడతాయి. రోజుకొక పుట రాస్తే ఆరు నెలలలో పుస్తకం పూర్తి. "రోజుకొక పేజీ రాయలేనా ఏమిట్రా, నలభై మంది పిల్లల కాపీ పుస్తకాలు దిద్దినదాన్ని!" అంది. గుణకారంలో పొరపాటు లేదు. కానీ ఆ రోజుకొక పుట అన్న అంకెను ఆమె ఎక్కడా కొలిచి చూడలేదు, ఊహించుకుంది.

ఇది మా పిన్ని ఒక్కతే చేసే తప్పు కాదు. కెనడాకు చెందిన రోజర్ బ్యూలర్, ఆయన సహచరులు 1994లో ప్రచురించిన పరిశోధనలో, సిద్ధాంత వ్యాసం ముగింపు దశలో ఉన్న విద్యార్థులను ఎన్ని రోజులలో పూర్తి చేస్తారని అడిగారు. సగటున 34 రోజులన్నారు, కానీ 55 రోజులకు పైగా పట్టింది. అన్నీ ఎదురుతిరిగితే ఎంత పడుతుందని అడిగినప్పుడు వారు చెప్పిన గడువు సుమారు 49 రోజులు, అది కూడా చాలలేదు. మనిషి తన పనిని ఊహించుకునేటప్పుడు అది సాఫీగా సాగే దారినే చూస్తాడు, ఇదివరకు ఇలాంటి పనికి నిజంగా ఎంత పట్టిందో గుర్తు చేసుకోడు. అందువల్ల అంచనాను మనసు నుండి కాక, జరిగిన పని నుండి తీయాలి.

అందుకు రెండు వారాలు చాలు. ఆ రెండు వారాలు పుస్తకానికి గడువు పెట్టుకోకూడదు. గడిలో కూర్చోవాలి, రాయాలి, గడి ముగిశాక ఎన్ని పదాలు వచ్చాయో తేదీ పక్కన వేసుకోవాలి. పిన్ని మంగళ, గురు, శనివారాలలో ఉదయం ఐదున్నర నుండి ఏడు వరకు, ఆదివారం మధ్యాహ్నం ఒకసారి, మొత్తం వారానికి నాలుగు గడులు పెట్టుకుంది. రెండు వారాలలో ఎనిమిది గడులకు ఆరు నిలిచాయి. ఆదివారం మధ్యాహ్నం గడి రెండు వారాలూ చుట్టాల పాలయింది. నిలిచిన ఆరింటిలో వచ్చిన పదాలు వరుసగా 310, 420, 0, 380, 290, 400.

ఇక్కడ ఆ సున్నా ఉన్నదే, దానిని కొట్టివేయాలని ఎవరికైనా అనిపిస్తుంది. పిన్నికీ అనిపించింది. ఆ ఉదయం ఆమె మగ్గానికి అచ్చు దగ్గర కట్టే ఒక తాడును అత్తగారు ఏమని పిలిచేదో గుర్తు రాక, ఆడపడుచులు ముగ్గురికి వరుసగా ఫోన్లు చేసింది. పేరు దొరికింది గాని పదం పడలేదు. "అది రాసిన రోజు కాదు కదా, లెక్కలో ఎందుకు?" అని అడిగింది. ఇలాంటి ఉదయాలు పుస్తకం పొడుగునా వస్తూనే ఉంటాయి కాబట్టి, దానిని తీసివేసి గీసిన సగటు రేపటి పనికి పనికిరాదని చెప్పాను. మొత్తం పద్దెనిమిది వందల పదాలు, ఆరు గడులు, కాబట్టి గడికి మూడు వందలు. ఇది ఆమె వేగం. వారానికి నిజంగా నిలిచేవి మూడు గడులు. ఈ రెండు అంకెలతోనే ఇకపై లెక్క నడవాలి.

ఇప్పుడు పుస్తకాన్ని పనులుగా విడదీద్దాం. ముప్పై వేల పదాల తొలి ప్రతికి నూరు గడులు. పెద్దవాళ్లను కలిసి మాట్లాడవలసినవారు పన్నెండు మంది, ఒక్కొక్కరికి వినడానికి ఒక గడి, విన్నది రాసుకోవడానికి ఒక గడి చొప్పున ఇరవై నాలుగు. తిరగరాతకు గడికి వెయ్యి పదాల చొప్పున ముప్పై. అచ్చు ప్రతులు రెండుసార్లు దిద్దడానికి గడికి ఇరవై పుటల చొప్పున పద్నాలుగు. మొత్తం నూట అరవై ఎనిమిది గడులు. వాటిని నాలుగుతో భాగిస్తే నలభై రెండు వారాలు వస్తుంది, కానీ నిలిచేవి మూడే గనుక మూడుతోనే భాగించాలి. యాభై ఆరు వారాలు. సెలవు వారాలు ఇంకా లెక్కలోకి రాలేదు.

ఈ దశలో చాలామంది వారానికి ఆరు గడులు పెట్టుకుని గడువును కాపాడుకోవాలని చూస్తారు. నా అనుభవంలో ఆ ఆరులో నిలిచేవి మళ్లీ మూడో, మూడున్నరో. తగ్గించవలసింది పని పరిమాణాన్ని. పిన్ని పుస్తకాన్ని ఇరవై నాలుగు వేల పదాలకు, మాట్లాడవలసినవారిని తొమ్మిది మందికి తగ్గించుకుంది. జరీ వ్యాపారం గురించిన రెండు అధ్యాయాలు పోయాయి, వాటి కోసం ఆమె కొంత బాధపడిన మాట నిజం. తొలి ప్రతికి ఎనభై, ముఖాముఖీలకు పద్దెనిమిది, తిరగరాతకు ఇరవై నాలుగు, దిద్దుబాటుకు పన్నెండు, వెరసి నూట ముప్పై నాలుగు గడులు, నలభై ఐదు వారాలు.

తరువాత సున్నా వారాలను ముందుగానే గుర్తించాలి. బరంపురంలో బుఢీ ఠాకురాణి యాత్ర రెండేళ్లకొకసారి చైత్రంలో మొదలై దాదాపు నెల సాగుతుంది, దేవాంగులు ముందుండి నడిపే ఆ యాత్ర సాగినన్నాళ్లూ పిన్ని ఇంట్లో ఉదయం ఐదున్నరకు ఖాళీ కుర్చీ దొరకదు. ఆ నాలుగు వారాలు సున్నా. మన తీరంలో అక్టోబరు రెండవ వారాన్ని నేను ఎవరికీ పని వారంగా లెక్కించను. 2013లో ఫైలిన్ అక్టోబరు 12న గోపాలపురం దగ్గర, 2018లో తిత్లీ అక్టోబరు 11న పలాస దగ్గర తీరం దాటాయి. తుఫాను రాకపోయినా దసరా ఎలాగూ ఆ చుట్టుపక్కలే పడుతుంది కాబట్టి అక్కడ రెండు వారాలు వదిలాము. మనుమరాలి పరీక్షలకు మరో రెండు. మొత్తం ఎనిమిది, కాబట్టి పుస్తకానికి యాభై మూడు వారాలు.

ఈ వారాలను ఇంగ్లీషు తేదీలతోనే రాసుకోవాలి. పిన్ని గోడ మీద తెలుగు క్యాలెండరు, ఒడియా పంజిక రెండూ వేలాడుతుంటాయి. మన మాసం అమావాస్యతో ముగుస్తుంది, ఒడియావారి చాంద్రమాసం పున్నమితో ముగుస్తుంది. అందువల్ల కృష్ణపక్షం వచ్చేసరికి రెండింటిలో మాసం పేరు వేరుగా ఉంటుంది. "కార్తికంలో ఇస్తాను" అని అచ్చు వారికి మాట ఇస్తే రెండు వారాల తగువుకు చోటుంటుంది.

మైలురాళ్ల విషయానికి వస్తే, మరొకరి చేతిలో పెట్టగలిగినదే మైలురాయి. "సగం రాశాను" అన్నది మైలురాయి కాదు, ఎందుకంటే ఏది సగమో రాసినవారికి కూడా తెలియదు. పిన్నికి నాలుగు పెట్టాము. మొదటిది తొమ్మిది ముఖాముఖీల నోట్సు, ఒక్క కాగితం మీద అధ్యాయాల పేర్లు. రెండవది మొదటి రెండు అధ్యాయాలు పెద్ద ఆడపడుచుకు చదివి వినిపించడం. మూడవది తొలి ప్రతి పూర్తిగా డీటీపీ చేసే అతని చేతికి ఇవ్వడం. నాలుగవది దిద్దిన రెండవ ప్రూఫు. తేదీ ఒక్కటే రాసుకుంటే ఆ రోజు వచ్చి వెళ్లిపోతుంది, వస్తువును రాసుకుంటే అది ఉందా లేదా అన్నది తేలిపోతుంది.

పదకొండవ వారం చివర లెక్క చూసినప్పుడు ఈ పద్ధతి ఎందుకు అవసరమో తెలిసింది. ముప్పై మూడు గడులకు ఇరవై తొమ్మిది నిలిచాయి, అది పెద్ద లోటు కాదు. అందులో పద్దెనిమిది ముఖాముఖీలకు పోగా పదకొండు గడులలో మూడు వేల మూడు వందల పదాలు రావాలి. వచ్చినవి రెండు వేల ఆరు వందల యాభై, అంటే గడికి సుమారు రెండు వందల నలభై. ఇదే వేగంతో మిగిలిన ఇరవై ఒక్క వేల మూడు వందల యాభై పదాలకు ఎనభై తొమ్మిది గడులు కావాలి. అనుకున్నవి అరవై తొమ్మిది. తేడా ఇరవై గడులు, దాదాపు ఏడు వారాలు. గడులు నిలుస్తున్నాయి, పదాలు రావడం లేదు. ఇటువంటప్పుడు ఇంకా ఎక్కువ గడులు పెట్టడం దండగ, గడి లోపల ఏమి జరుగుతోందో చూడాలి.

ఒక శనివారం ఉదయం నేను ఆమె పక్కనే కాఫీ తాగుతూ కూర్చున్నాను. ఆమె నోటుపుస్తకం తెరిచి, గురువారం రాసిన మూడు పుటలను మొదటి నుండి చదివింది. ఒక వాక్యం కొట్టివేసి పైన రాసింది. ఆ పుట మరకలు పడ్డట్టుగా ఉందని చించి, కొత్త పుటలో చక్కని దస్తూరీతో ఎక్కించింది. గడియారంలో ఆరు దాటింది. అంతవరకు కొత్త పదం ఒక్కటీ లేదు. పంతులమ్మ చేతికి ఎర్ర సిరా అలవాటు ఎక్కడికి పోతుంది! తిరగరాతకు ఇరవై నాలుగు గడులు విడిగా ఉన్నాయని, ఆ పని ఇక్కడ చేస్తే రెండుసార్లు చేసినట్టవుతుందని ఆమెకు చెప్పాను. ఆ రోజు నుండి రెండు నియమాలు పెట్టుకుంది. గడి మొదట్లో నిన్నటి చివరి పేరా ఒక్కటే చదవాలి, గడి చివర రాయవలసిన తరువాతి వాక్యాన్ని సగంలో ఆపి లేవాలి. తరువాతి ఆరు గడులలో సగటు మూడు వందల పదికి వచ్చింది. పోయిన పదాలు తిరిగి రాలేదు గనుక, మూడవ మైలురాయిని ఒక వారం వెనక్కి జరిపాము.

పుస్తకం కాక విద్య నేర్చుకుంటున్నవారు పదాల స్థానంలో మరొక కొలత వెతుక్కోవాలి. ఒడియా మాట్లాడగలిగి చదవలేని మనవారు, గడిలో ఎన్ని వరుసలు తడుముకోకుండా చదివారో లెక్కించవచ్చు. ఎన్ని అక్షరాలు దిద్దారన్న లెక్క మోసం చేస్తుంది, ఎందుకంటే దిద్దిన చేతికి వచ్చిన అక్షరం బస్సు బోర్డు మీద కంటికి రాకపోవచ్చు.

ఈ పాఠానికి అభ్యాసం: వచ్చే రెండు వారాలు గడువు లేకుండా పని చేసి, పెట్టుకున్న గడులు, నిలిచిన గడులు, గడికి వచ్చిన పని అనే మూడు నిలువు వరుసలను సున్నాలతో సహా నింపండి. ఆ కాగితం దగ్గర పెట్టుకుంటేనే ఐదవ పాఠం సాగుతుంది. తొలి ప్రతిని చదివేవారి దగ్గర అది ఎన్నాళ్లు ఆగుతుందో, ఆ వ్యవధిలో గడులను దేనికి వాడాలో అందులో చూద్దాం.