ముక్కోణపు ప్రేమకథలో విలన్ అక్కర్లేదు

ముక్కోణపు ప్రేమకథ రాసేవాళ్లు చాలామంది సగం దాటాక భయపడతారు. ఇద్దరూ మంచివాళ్లయితే కథ ఎలా తేలుతుందని, ఒకడి చేత అబద్ధమాడిస్తారు, లేదా చెంపదెబ్బ కొట్టిస్తారు. అక్కడితో ఎంపిక తేలికైపోతుంది, కథా చప్పబడుతుంది.

నేను చేసేది ఇది. ఇద్దరి మంచితనమూ నాయికను ఏదో ఒకచోట నొప్పించాలి. పద్మ అనుకోండి, కాకినాడలో టీచర్. నాన్నకు పక్షవాతం వచ్చినప్పుడు రాత్రిళ్లు ఆస్పత్రిలో కూర్చున్నవాడు రఘు. అందుకే అతని దగ్గర ఆమె ఎప్పుడూ రుణపడ్డట్టే ఉంటుంది, గట్టిగా పోట్లాడలేకపోతుంది. కిరణ్ దగ్గర హాయిగా పోట్లాడుతుంది. ఆపేసిన పీహెచ్‌డీ మళ్లీ మొదలుపెట్టమంటాడు. కానీ నాన్నను ఎవరు చూస్తారన్నది అతనికి తట్టదు. పద్మ కూడా ఉత్త బాధితురాలు కాకూడదు: కిరణ్‌ను కలిసిన సంగతి రఘుకు నెల రోజులు చెప్పలేదు.

రాశాక ముగింపు తిప్పి, రెండోవాణ్ణి ఎంచుకున్నట్టు ఒక పేజీ రాసి చూడండి. అది అబద్ధంలా అనిపిస్తే, ఓడినవాడి వైపు ఇంకో సీను బాకీ ఉన్నట్టే. నాకు ఎక్కువగా రఘు దగ్గరే బాకీ తేలుతుంది.