బడ్జెట్ షీట్‌లో డబ్బులు మిగిలినట్టు చూపిస్తోంది, చేతిలో మాత్రం లేవు: సమస్య - పరిష్కారం

ఇంటి ఖర్చుల షీట్ చాలామందికి ఒకేలా ఉంటది. A లో ఖర్చు పేరు, B లో అనుకున్నది, C లో అయ్యింది, D లో తేడా, కింద టోటల్. ఇది పాడైందని నా దగ్గరికి తెచ్చినవాళ్లలో సగం మంది టోటల్ సెల్ మీద ఒక్కసారి కూడా క్లిక్ చేసి ఉండరు. ముందు ఆ పని చెయ్యండి. లోపల `=SUM(C2:C9)` అని ఉండి మీ ఖర్చులు పదో వరస దాకా ఉన్నాయంటే అసలు సమస్య అదే, నెల మధ్యలో టోటల్‌కి సరిగ్గా పైన ఓ కొత్త వరస పెట్టి ఉంటారు, ఫార్ములా దాన్ని కలుపుకోలేదు. రేంజ్ సరిచేస్తే అయిపోయింది, ఇక చదవక్కర్లేదు.

రేంజ్ కరెక్టుగానే ఉండి, ప్రతి వరసలో తేడా కూడా కరెక్టుగానే వస్తూ, కింద టోటల్ ఒక్కటే తప్పుగా ఉంటే మాత్రం ఆగి చదవండి. నన్ను బాగా ఏడిపించింది ఇదే.

మల్కాజ్‌గిరిలో ఉండే మా అక్క షీట్ చెప్తాను. "షీట్ల 2,750 మిగిలినయ్ అంటుంది రా, అకౌంట్ల చూస్తే లెవ్వు, ఎటు పోయినయ్?" అని ఫోన్ చేసింది. అనుకున్నది, అయ్యింది వరసగా ఇవీ: అద్దె 16,000, 16,000. మెయింటెనెన్స్ 2,000, 2,000. కిరాణా 8,000, 9,150. పాలు 2,400, 2,480. కరెంటు 1,500, 1,940. కూరగాయలు 4,000, 3,600. స్కూల్ వ్యాన్ 2,200, 2,200. పెట్రోల్ 3,500, 3,900. అనుకున్నవాటి టోటల్ 39,600 అని ఉంది, కరెక్టే. అయినవాటి టోటల్ 36,850 అని ఉంది. కాగితం మీద కూడి చూడండి, 41,270 రావాలి. అంటే 2,750 మిగలడం కాదు, 1,670 ఎక్కువే ఖర్చయింది.

నేను మొదట ఫార్ములాలన్నీ వెతికాను, ఒక్కటి కూడా తప్పు లేదు. పాల వరసలో తేడా మైనస్ 80, కరెంటులో మైనస్ 440, అన్నీ సరిగ్గా ఉన్నాయి, దాంతో అంకెల మీద నాకు అనుమానమే రాలేదు, ఓ గంట పోయింది. చివరికి 41,270 లోంచి 36,850 తీసేసి చూస్తే 4,420 వచ్చింది. పాలు 2,480, కరెంటు 1,940 కలిపితే సరిగ్గా అంతే. ఆ రెండూ టోటల్‌లో చేరట్లేదన్నమాట.

ఎందుకంటే ఆ రెండు సెల్స్‌లో ఉన్నవి నంబర్లు కావు, నంబర్ల లాగా కనిపించే టెక్స్ట్. ఎక్సెల్‌లోనైనా గూగుల్ షీట్స్‌లోనైనా `=B5-C5` లాంటి తీసివేతకి టెక్స్ట్‌గా ఉన్న 2480 తగిలితే అది తనంతట తానే నంబర్‌గా మార్చుకుని లెక్క చేసేస్తది. SUM అలా చెయ్యదు, రేంజ్‌లో టెక్స్ట్ కనిపిస్తే ఏ ఎర్రర్ ఇవ్వకుండా దాటేసి పోతది. అందుకే వరసలు నిజం చెప్తాయి, టోటల్ అబద్ధం చెప్తది. అదే 2480/- అని కొట్టి ఉంటే తేడా దగ్గర #VALUE! అని వచ్చేది, వెంటనే దొరికిపోయేది. ఎర్రర్ ఇవ్వనిదే ప్రమాదం.

మామూలుగా టెక్స్ట్ సెల్‌లో ఎడమకి, నంబర్ కుడికి అతుక్కుని ఉంటది, చూడగానే తెలిసిపోవాలి. అక్క అందంగా ఉంటదని కాలమ్ మొత్తం సెంటర్‌లో పెట్టింది, ఆ గుర్తు కూడా పోయింది. కాబట్టి కళ్లని నమ్మకండి, ఏదైనా ఖాళీ సెల్‌లో ఇది వెయ్యండి:

```
=COUNTA(C2:C9)-COUNT(C2:C9)
```

COUNTA నిండిన సెల్స్ అన్నీ లెక్కపెడుతుంది, COUNT నంబర్లు మాత్రమే. సున్నా వస్తే కాలమ్ బాగుంది. అక్క షీట్‌లో 8 లోంచి 6 పోయి 2 వచ్చింది. ఏ రెండు అని తెలియాలంటే పక్కన ఖాళీ కాలమ్‌లో `=ISNUMBER(C2)` రాసి కిందికి లాగండి, FALSE వచ్చినవే దొంగలు.

అసలు అవి టెక్స్ట్ ఎలా అయ్యాయో కూడా తెలుసుకోండి, లేకపోతే వచ్చే నెల మళ్లీ ఇదే. మొదట్లో అక్క పాల వరసలో C5 లో 1/2 అని రాసుకుందట, అర లీటర్ అని గుర్తుకి. షీట్ దాన్ని తేదీగా మార్చేసింది. విసుగొచ్చి ఆ సెల్‌కి Plain text ఫార్మాట్ పెట్టేసింది. తర్వాత 1/2 తీసేసి డబ్బులు రాసింది కానీ ఫార్మాట్ అక్కడే ఉండిపోయింది, అందులో ఏం కొట్టినా టెక్స్టే. ఆ వరస కిందనే కరెంటు కోసం కొత్త వరస పెట్టింది, కొత్త వరస పైవరస ఫార్మాట్ తీసుకుంటది కాబట్టి అదీ టెక్స్టే. ప్రతి నెలా పాత ట్యాబ్‌నే డూప్లికేట్ చేస్తది, అంటే జబ్బు కూడా నెలనెలా కాపీ అవుతూ వచ్చింది.

బాగుచేయడం సులువే, కానీ ఏది ముందు, ఏది తర్వాత అన్నది ముఖ్యం. ముందు ఫార్మాట్ మార్చండి, గూగుల్ షీట్స్‌లో Format > Number > Automatic, ఎక్సెల్‌లో Home లో Text అని ఉన్నచోట General. ఆ తర్వాత ఆ అంకె చెరిపి మళ్లీ కొట్టండి. ఫార్మాట్ ఒక్కటే మార్చి వదిలేస్తే ఎక్సెల్‌లో లోపలున్న టెక్స్ట్ టెక్స్ట్‌గానే ఉంటది, ఫార్మాట్ మార్చకుండా మళ్లీ కొట్టినా అంతే, ఈ రెండిట్లో ఏదో ఒకటే చేసి "చేశాను, పని చెయ్యలేదు" అంటారు. సెల్ ముందు ' గుర్తు ఉంటే అదీ తీసెయ్యండి. సెల్స్ చాలా ఉంటే పక్కన కాలమ్‌లో ఇలా రాసి కిందికి లాగి, వచ్చినవి కాపీ చేసి C లో విలువలు మాత్రమే పేస్ట్ చెయ్యండి, ఫార్మాట్ మార్చిన తర్వాతే:

```
=VALUE(TRIM(C2))
```

బ్యాంకు పేజీలోంచి కాపీ చేసిన అంకెలకి ఒక్కోసారి కనిపించని స్పేస్ అంటుకుని వస్తది, అది TRIM కి పోదు. అప్పుడు ఇది:

```
=VALUE(SUBSTITUTE(C2,CHAR(160),""))
```

సరిచేశాక అక్క షీట్‌లో టోటల్ 41,270 అయింది, తేడా మైనస్ 1,670. పై COUNTA ఫార్ములాని టోటల్ కింద శాశ్వతంగా ఉంచేశాను, సున్నా కానప్పుడు మిగతా అంకెలు చూడొద్దని చెప్పాను. ఇంకోటి, టోటల్ వరసలో తేడాని `=B10-C10` అని, దాని కింద `=SUM(D2:D9)` అని రెండు రకాలుగా వేయించాను. రెండూ సరిపోకపోతే ఏదో ఒక సెల్ టెక్స్ట్‌గా ఉందనో, టోటల్ రేంజ్ తప్పిందనో తెలిసిపోతది.

మిగతా కారణాలు అరుదు. ఏం మార్చినా ఎక్సెల్‌లో అంకెలు కదలకపోతే Formulas లో Calculation Options మాన్యువల్‌లో ఉందేమో చూసి Automatic పెట్టండి. జీతం వరస కూడా అదే పట్టికలో ఉంటే దాని తేడా గుర్తు తిరగబడి కనిపిస్తది, దాన్ని వేరే పట్టికలో పెట్టుకోండి. పైసల్లో తేడా వస్తే రౌండింగ్, వదిలెయ్యండి.