ఫోటో చూసి సరైన బల్బు, సరైన సెల్ కొనడం ఎలా? పక్కన పది రూపాయల బిళ్ళ ఉంటే చాలు

మా అమ్మ చిత్తూరులో ఉంటుంది, నేను తిరుపతిలో. పోయిన నెల హాల్లో గోడ లైటు బల్బు మాడిపోయిందని, దాన్ని చేత్తో పట్టుకుని వాట్సాప్‌లో ఫోటో పెట్టింది, "నాయనా, వచ్చేటప్పుడు ఇట్లాంటిదే ఒకటి తీసుకురా" అని. ఫోటోలో మరలు బాగా కనిపిస్తా ఉన్నాయి, సరే మర బల్బే కదా అని గాంధీ రోడ్డులో ఒక షాపులో ఫోటో చూపించి కొనుక్కుని బస్సెక్కేశా. ఇంటికి పోయి బిగిద్దామని చూస్తే బల్బు మెడ హోల్డర్లోకి దూరనే లేదు, హోల్డర్ నోరు చూస్తే బొటనవేలంత కూడా లేదు, నేను తెచ్చిన బల్బు మెడ దానికి దాదాపు రెట్టింపు ఉంది. షాపాయన్ని అనడానికి కూడా లేదు, ఎందుకంటే ఫోటోలో ఆ రెండూ అచ్చం ఒకేలా ఉంటాయి.

చిక్కంతా అక్కడే. ఫోటో చూస్తే ఆకారం తెలుస్తుంది గానీ సైజు తెలీదు. మర బల్బుల్లో మన దగ్గర మామూలుగా దొరికేవి రెండు, మెడ వెడల్పు 27 మిల్లీమీటర్లుండే E27, 14 మిల్లీమీటర్లుండే E14. అక్షరం పక్కనుండే నంబరే దాని వెడల్పు. సెల్స్‌లో కూడా ఇదే కథ, గోడ గడియారంలో వేసే డబుల్ ఏ, టీవీ రిమోట్లో వేసే ట్రిపుల్ ఏ ఒకే ఆకారం, పైగా రెండింటినీ పెన్సిల్ సెల్ అనే అడుగుతారు జనం.

అందుకే ఫోటోలో సైజు తెలిసిన వస్తువు ఒకటి పక్కన ఉండాలి. నేనైతే పది రూపాయల బిళ్ళే పెట్టమంటా. రూపాయి, రెండు, ఐదు రూపాయల బిళ్ళలు డిజైన్ మారినప్పుడల్లా సైజు కూడా మారినాయి, ఏది ఎంతో గుర్తుండదు. పది రూపాయల బిళ్ళ పాతదైనా కొత్తదైనా అడ్డంగా 27 మిల్లీమీటర్లే, అంటే E27 మెడ వెడల్పు కూడా సరిగ్గా అంతే.

ఇప్పుడు ఫోటో ఎట్ల తీయాలో చెప్తా. ముందు స్విచ్ ఆపి, బల్బు చల్లబడినాక విప్పండి. దాన్ని ఊరికే టేబుల్ మీద పడుకోబెట్టి పక్కన బిళ్ళ పెడితే లెక్క తప్పుతుంది, ఎందుకంటే బల్బు పొట్ట లావుగా ఉంటుంది కాబట్టి మెడ పైకి లేచి ఉంటుంది, బిళ్ళేమో కింద టేబుల్ మీద ఉంటుంది, కెమెరాకి దగ్గరగా ఉన్నది పెద్దగా కనపడుతుంది. ఫోన్ జానెడు ఎత్తులో పట్టుకుని తీస్తే 14 ఉన్న మెడ 16 లాగా అనిపిస్తుంది, అప్పుడు ఇది ఏ సైజబ్బా అని మళ్ళీ డౌటు.

దీనికి ఇంట్లో ఉండే మందు బియ్యం. ఒక పళ్ళెంలో బియ్యం పోసి బల్బుని అడ్డంగా సగం వరకు దించండి, మెడ కూడా సగం లోపల సగం బయట ఉండాలి, పక్కనే బియ్యం మీద బిళ్ళని పడుకోబెట్టండి. అట్ల పెడితే మెడలో బాగా వెడల్పుండే చోటు, బిళ్ళ ఒకే మట్టంలోకి వస్తాయి, బల్బు దొర్లిపోదు కూడా. ఫోన్ రెండడుగుల పైన, నేలకి సమానంగా పట్టుకుని, రెండింతలు జూమ్ చేసి నిటారుగా పైనుంచి తీయండి. ఫోటోలో బిళ్ళ గుండ్రంగా కాకుండా కోడిగుడ్డులాగా వచ్చిందంటే ఫోన్ వంగిందని అర్థం, ఇంకోటి తీయాల్సిందే.

ఆ ఫోటో మీ చేతికొచ్చినాక స్కేల్ కూడా అక్కర్లేదు. ఫోటోని జూమ్ చేస్తా, మీ జేబులో ఉన్న అసలైన పది రూపాయల బిళ్ళని స్క్రీన్ మీద ఫోటోలోని బిళ్ళ పైన పెట్టి చూడండి, పైది కింది దాన్ని సరిగ్గా కప్పేసే దాకా సరిచేసుకుని అక్కడ ఆపి స్క్రీన్‌షాట్ తీసుకోండి. ఇప్పుడు స్క్రీన్ మీద కనపడేది అసలు సైజు. షాపులో బల్బు తీసుకుని దాని మెడని స్క్రీన్ మీద ఆనించి చూస్తే చాలు, సరిపోయిందా లేదా అక్కడే తేలిపోతుంది.

అమ్మ చేత రెండోసారి ఇట్లనే తీయించా. "బియ్యంలో బల్బు ఏమిరా" అంది గానీ తీసి పంపింది. స్క్రీన్ మీద మెడ వెడల్పు బిళ్ళలో సగానికి రవ్వంత ఎక్కువ, స్కేల్ పెడితే 14. అంటే E14, షాపులో చిన్న మర బల్బు అన్నా ఇస్తారు. అదే మరలు బిళ్ళ వెడల్పుకి సమానంగా వచ్చుంటే E27 అయ్యేది. మరలు లేకుండా రెండు పక్కలా చిన్న పిన్నులు పొడుచుకొచ్చి, మెడ బిళ్ళకంటే 5 మిల్లీమీటర్లు తక్కువుంటే అది మన ఇళ్ళల్లో ఎక్కువగా ఉండే పిన్ను హోల్డర్ బల్బు, B22.

సెల్స్‌కి కూడా ఇదే ఫోటో పనికొస్తుంది, సన్నగా ఉంటాయి కాబట్టి టేబుల్ మీద పెట్టి తీసినా పెద్ద తేడా రాదు. డబుల్ ఏ పొడవు సుమారు 50 మిల్లీమీటర్లు, లావు 14.5. ట్రిపుల్ ఏ పొడవు 44.5, లావు 10.5. పొడవు కంటే లావు చూడడమే మేలు, తేడా అక్కడే బాగా తెలుస్తుంది. షాపులో మాత్రం పెన్సిల్ సెల్ అనకుండా డబుల్ ఏ, ట్రిపుల్ ఏ అని అడగండి.

మనల్ని బాగా మోసం చేసేది బిళ్ళ సెల్. మా బావ కారు తాళం రిమోట్ పని చేయక సెల్ ఫోటో పంపినాడు, నంబరు మీద వెలుగు పడి ఏమీ కనపడలేదు. దాన్ని పైనుంచి ఎంత కొలిచినా 20 మిల్లీమీటర్లే వస్తుంది, CR2032 అయినా CR2025 అయినా అంతే. మొదటి రెండు అంకెలు వెడల్పు, చివరి రెండు మందం, 32 అంటే 3.2 మిల్లీమీటర్లు, 25 అంటే 2.5. రెండూ 3 వోల్టులే, తేడా అంతా మందంలోనే. మందంది కావాల్సిన చోట పల్చటిది వేస్తే కాంటాక్ట్ సరిగ్గా తగలక రిమోట్ ఒకసారి పని చేస్తుంది ఒకసారి చేయదు, పల్చటి దాని చోట మందంది వేస్తే మూత పడదు, బలవంతంగా నొక్కితే క్లిప్పు విరుగుతుంది.

నంబరు చదవాలంటే ఫ్లాష్ ఆపేసి, ఇంకో ఫోన్ టార్చ్‌ని సెల్‌కి పక్కనుంచి, దాదాపు టేబుల్‌కి ఆనించి వేయండి, చెక్కిన గీతల్లో నీడ పడి అంకెలు పైకి తేలతాయి. బావ అట్ల తీసి పంపితే 2025 అని చక్కగా కనపడింది. అప్పటికీ కనపడకపోతే సెల్ తీసేసిన గుంత లోపల ఫోటో తీయమనండి, చాలా వాటిలో ప్లాస్టిక్ మీద నంబరు అచ్చు పోసి ఉంటుంది.

ఒకటి మాత్రం కొలతల్లో తేలదు, వోల్టులు. సీలింగులో పెట్టే చిన్న స్పాట్ లైట్లలో రెండు పిన్నులవి రెండు రకాలున్నాయి. పిన్నులు చివర గుండు తలలాగా లావుగా ఉంటే అది GU10, మామూలుగా నేరుగా ఇంటి కరెంటు మీద నడిచేది. సూదుల్లాగా సన్నగా, దగ్గర దగ్గరగా ఉంటే GU5.3, మామూలుగా అది 12 వోల్టులది, దాని వెనక ట్రాన్స్‌ఫార్మర్ ఉంటుంది. అందుకని బిళ్ళ పెట్టి తీసిన ఫోటోతో పాటు బల్బు మీద అచ్చయిన వోల్టులు, వాట్లు కనపడేలా ఇంకో ఫోటో కూడా తీయించుకోండి.